తెర ముందు అలసిన కళ్ళు: మంట, గరగర, తలనొప్పి ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకుని సరిచేసుకునే పద్ధతి

రోజుకు ఏడెనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవారు సాయంత్రానికి మూడు రకాల బాధలు చెబుతారు. కళ్ళలో ఇసుక పడినట్టు గరగరలాడుతూ మంట పుట్టడం ఒకటి. అక్షరాలు మసకబారడం, తల ఎత్తి దూరంగా చూస్తే చూపు వెంటనే కుదురుకోకపోవడం రెండోది. తలనొప్పి మూడోది. మూడూ ఒకే సమయానికి వస్తాయి కాబట్టి కారణం కూడా ఒకటేనని అనిపిస్తుంది. ఏదో ఒక చుక్కల మందు తెచ్చుకుని మూడూ తగ్గాలని ఎదురుచూడడం, తగ్గకపోతే ఇంకో మందు మార్చడం అలా మొదలవుతుంది. నిజానికి మొదటి బాధ కంటి పైపొరది, రెండోది కంటి లోపలి కండరానిది, మూడోది ఈ రెంటిలో దేని నుంచైనా రావచ్చు, లేదా కంటితో సంబంధమే లేకుండా మెడ నుంచి రావచ్చు. ఏది ఎక్కడిదో తేల్చుకున్న తరువాతే మందు గురించి, విరామం గురించి ఆలోచించాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

మొదటి మెట్టు: బాధ ఎక్కడిదో గుర్తించడం

రెండు మూడు పనిదినాలు ఏమీ మార్చకుండా గమనించండి. అక్షరాలు మసకబారినప్పుడు కళ్ళు పూర్తిగా మూసి, రెండు మూడు సార్లు నిదానంగా రెప్పవేసి చూడండి. వెంటనే అక్షరం తేటపడి, కొద్ది సెకన్లలో మళ్ళీ మసకబారితే అది కన్నీటి పొర చెదిరిపోవడం వల్ల వచ్చిన మసక. రెప్పవేసినా మార్పు లేకుండా, గదికి అవతలి వైపున్న గడియారమో కిటికీ బయటి చెట్టో స్పష్టపడడానికి కాస్త సమయం పడుతుంటే అది దగ్గరి చూపు కోసం గంటల తరబడి బిగిసిన కండరం సడలలేకపోవడం.

గరగర ఏ పూట ఎక్కువగా ఉంటోందో కూడా చూడండి. ఉదయం బాగుండి సాయంత్రానికి పెరుగుతుంటే కన్నీరు ఆవిరైపోవడమే ప్రధాన కారణం కావచ్చు. నిద్ర లేవగానే ఎక్కువగా ఉండి, రెప్పల అంచులు అంటుకుపోయి, వెంట్రుకల మొదళ్ళలో పొట్టు కనిపిస్తుంటే సమస్య తెరది మాత్రమే కాదు, రెప్పల అంచులలోని నూనె గ్రంథులకు కూడా సంబంధించినది. కళ్ళ నుంచి నీరు కారుతోంది కాబట్టి పొడిదనం కాదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పైపొర ఎండి రేగినప్పుడు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీరు వదులుతుంది. ఆ నీటిలో నూనె పాలు చాలక అది కంటి మీద నిలవకుండా చెంప మీదికి జారిపోతుంది.

తలనొప్పి స్థానం చాలావరకు దారి చూపుతుంది. నొసట, కనుబొమల పైన, కళ్ళ వెనుక బరువుగా మొదలై, పని ఆపిన గంటలో తగ్గి, సెలవు రోజుల్లో రాకపోతే చూపు నిలపడంలోని శ్రమను, అద్దాల పవరును అనుమానించాలి. మెడ వెనుక మొదలై తల వెనుక భాగం మీదుగా పైకి పాకితే కూర్చునే తీరును అనుమానించాలి. ఒక పక్కన కొట్టుకుంటున్నట్టు ఉండి, వికారంతో వచ్చి, వెలుతురు భరించలేనంతగా ఉంటే అది మైగ్రేన్ కావచ్చు. తెర దాన్ని రేపగలదు కానీ దానికి మూలం తెర కాదు, వైద్యం కూడా వేరు.

రెండో మెట్టు: రెప్పపాటును బాగుచేసుకోవడం

మామూలుగా మాట్లాడుతున్నప్పుడు మనిషి నిమిషానికి సుమారు 15 నుంచి 20 సార్లు రెప్పవేస్తాడు. తెర మీద దృష్టి నిలిపినప్పుడు అది సగానికీ, కొందరిలో మూడో వంతుకూ పడిపోతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, వేసిన రెప్పలు కూడా పూర్తిగా మూతపడవు. పైరెప్ప సగం దాకా దిగి తిరిగి లేచిపోతుంది. రెప్ప పూర్తిగా మూతపడి తెరుచుకున్నప్పుడే అంచులలోని మైబోమియన్ గ్రంథుల నుంచి కొద్దిగా నూనె బయటికి వచ్చి, కన్నీటి నీటి మీద పలుచగా పరుచుకుని, అది ఆవిరైపోకుండా కాపాడుతుంది. సగం రెప్పలు వేసేవారిలో కంటి కింది భాగానికి ఆ పూత అందదు. అందుకే ఎక్కువ గంటలు తెర చూసేవారిని రంగు మందు వేసి పరీక్షించినప్పుడు కంటి ముందుండే పారదర్శక పొర అయిన కార్నియా కింది భాగంలోనే ఎండిన మచ్చలు ఎక్కువగా కనిపిస్తుంటాయి.

దీనికి అభ్యాసం తేలికే. కళ్ళు మెల్లగా మూసి రెండు సెకన్లు అలాగే ఉంచండి. తెరవండి. మళ్ళీ మూసి రెండు సెకన్లు ఉంచి, ఈసారి రెప్పలను మరీ గట్టిగా కాకుండా కొద్దిగా నొక్కి పట్టి, సడలించి తెరవండి. ఇలా ఐదారు సార్లు చేయడానికి నిమిషం కంటే తక్కువే పడుతుంది. సరిగా చేస్తున్నారో లేదో తెలియాలంటే రెండు కణతల మీద వేళ్ళు ఆనించి చేయండి. మామూలు రెప్పపాటుకు అక్కడి కండరం కదలకూడదు. కదులుతోందంటే మీరు రెప్ప వేయడం లేదు, కళ్ళు చికిలిస్తున్నారు. అభ్యాసాన్ని గంటకు రెండు మూడు సార్లు, ఏదైనా తప్పనిసరి పనికి జతచేయడం మంచిది: ఫైలు పంపిన ప్రతిసారీ, ఫోను పెట్టేసిన ప్రతిసారీ. అలారం పెట్టుకున్నవారు రెండు వారాల్లో దాన్ని ఆపేయడమే నేను ఎక్కువగా చూశాను.

మూడో మెట్టు: తెర ఎత్తు, దూరం, గాలి

కూర్చునే భంగిమ మెడకే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. కంటి పొడిదనానికి కూడా అది నేరుగా సంబంధించినదే. పైకి చూసినప్పుడు రెప్పలు బాగా తెరుచుకుని కంటి ఉపరితలం ఎక్కువగా గాలికి తగులుతుంది. కిందికి చూసినప్పుడు పైరెప్ప దిగి చాలా భాగాన్ని కప్పుతుంది. కాబట్టి తెర పై అంచు కంటి మట్టానికి సమంగా గానీ, కొద్దిగా కిందగా గానీ ఉండాలి. తెర మధ్యభాగం కంటి మట్టం కంటే 15 నుంచి 20 డిగ్రీలు కిందికి రావాలి. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చునేవారికి ఇది సుమారు 16 నుంచి 22 సెంటీమీటర్లు కింద అని లెక్క. తెర అడుగు భాగం కొంచెం ముందుకు, పై భాగం వెనక్కు ఉండేలా వంచితే పై వరుస, కింది వరుస కంటికి దాదాపు సమాన దూరంలో ఉంటాయి.

ల్యాప్‌టాప్‌తో చిక్కేమిటంటే, మెడకు మంచిదని దాన్ని ఎత్తైన స్టాండు మీద పెడితే కంటికి చెడుపు, బల్ల మీదే ఉంచితే మెడకు చెడుపు. విడి కీబోర్డు పెట్టుకుని, తెర పై అంచు కంటి మట్టానికి రెండు మూడు వేళ్ళు కిందికి వచ్చేంత మాత్రమే ఎత్తడం రెంటికీ కుదిరే మార్గం. వీపు కుర్చీకి ఆనాలి, మోచేతులకు ఆధారం దొరకాలి, చెవి భుజానికి సూటిగా పైన ఉండాలి. పక్క నుంచి ఎవరితోనైనా ఒక ఫోటో తీయించుకుంటే చెవి భుజం కంటే ఎంత ముందుకు వచ్చిందో వెంటనే తెలుస్తుంది. పని మొదలుపెట్టినప్పుడు కాకుండా రెండు గంటల తరువాత ఆ ఫోటో తీయించుకోవాలి. మొదట్లో అందరూ బుద్ధిగానే కూర్చుంటారు.

దూరం 50 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి. చెయ్యి చాస్తే వేళ్ళ కొసలు తెరను తాకేంత దూరమని సుమారుగా చెప్పవచ్చు. ముందుకు వంగుతున్నారంటే అక్షరాలు చిన్నవన్నమాట. మామూలుగా కూర్చునే దూరానికి మూడు రెట్ల దూరం వెనక్కి వెళ్ళి నిలబడండి. అక్కడి నుంచి అక్షరాలను కష్టపడైనా చదవగలిగితే పరిమాణం చాలినట్టే. చదవలేకపోతే అక్షరాలను పెంచాలి, కుర్చీని ముందుకు జరపకూడదు.

ఫ్యాను గాలి, ఏసీ గాలి ముఖానికి సూటిగా తగలకుండా చూసుకోవాలి. చుక్కల మందు ఎంత వాడినా తగ్గని మంట, కొన్నిసార్లు గాలి వచ్చే దిశ మార్చగానే తగ్గుతుంది. కిటికీ తెరకు వెనుక కాకుండా, మీకు వెనుక కాకుండా, పక్కగా ఉండాలి. వెలుగు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తెర మీద తెల్లని పేజీ తెరిచి పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించాలి, బూడిద రంగుగా కనిపిస్తుంటే పెంచాలి. నీలి కాంతిని ఆపుతాయనే అద్దాల గురించి చాలామంది అడుగుతారు. ఆ అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందని చెప్పేందుకు ఆధారాలు లేవని వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష తేల్చింది. ఆ డబ్బు సరైన పవరు పరీక్షకు పెడితే మేలు.

నాలుగో మెట్టు: విరామం దేనికో తెలిసి తీసుకోవడం

ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలనే సూత్రాన్ని అమెరికా కంటి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ ప్రచారంలోకి తెచ్చారు. ఆ అంకెలు గుర్తుండడానికి అనువైనవి, అంతే తప్ప వాటిలో మహిమ ఏమీ లేదు. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు. అంత దూరం చూసేటప్పుడు మామూలు కంటిలో దగ్గరి చూపు కోసం బిగిసే సిలియరీ కండరానికి దాదాపు పని ఉండదు. 60 సెంటీమీటర్ల దూరంలోని తెరను చూడడానికి అది ఒక మోతాదు శ్రమ పడితే, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోనును చూడడానికి సరిగ్గా దానికి రెట్టింపు శ్రమ పడాలి. విరామం పేరుతో ఫోను తీసేవారి కళ్ళు బరువు దించుకోవడానికి ఆగి ఇంకో మూట నెత్తిన పెట్టుకున్నట్టే.

గది చిన్నదై 6 మీటర్లు లేకపోతే కిటికీ బయటికి చూడండి, అదీ లేకపోతే కళ్ళు మూసుకోండి. కండరానికి పూర్తి విశ్రాంతి దొరక్కపోయినా పైపొర తడుస్తుంది. చిన్న విరామాలు ఎన్ని తీసుకున్నా, రెండు గంటల ఎడతెగని పని తరువాత పదిహేను నిమిషాలు తెర లేకుండా లేచి తిరగాలి. మెడ నుంచి వచ్చే తలనొప్పికి 20 సెకన్ల విరామం ఏమాత్రం చాలదు. కుర్చీ వదిలి, భుజాలు వెనక్కి తిప్పి, గడ్డాన్ని మెడ వైపు నేరుగా వెనక్కి లాగి ఐదు సెకన్లు పట్టి ఉంచే వ్యాయామం పది సార్లు చేస్తే అక్కడి కండరాలు సడలుతాయి. చేసేటప్పుడు చేతుల్లోకి తిమ్మిరి గానీ నొప్పి గానీ పాకితే ఆపి వైద్యుణ్ణి కలవాలి.

ఐదో మెట్టు: చుక్కల మందు ఎంచుకోవడం, వేసుకోవడం

పై మెట్లన్నీ సరిచేసిన తరువాత కూడా గరగర మిగిలితే కంటిని తడిపే చుక్కలు వాడవచ్చు. వీటిని కృత్రిమ కన్నీరు అంటారు. సీసా మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు చదవండి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైప్రోమెలోజ్, సోడియం హయాల్యురోనేట్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి ఈ తడిపే రకానికి చెందినవి. పలుచని చుక్కలు పగటి పనికి వీలుగా ఉంటాయి. చిక్కనివి ఎక్కువసేపు నిలుస్తాయి కానీ కాసేపు చూపును మసకబరుస్తాయి, కాబట్టి అవి, జెల్లు, ఆయింట్‌మెంటు రాత్రి పడుకునే ముందుకు తగినవి.

ఇక్కడ చూడవలసిన రెండో సంగతి మందు చెడిపోకుండా కలిపే నిల్వపదార్థం. చాలా సీసాలలో అలాంటి బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. రోజుకు రెండు మూడు సార్లయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నాలుగు సార్లు దాటి, వారాల తరబడి వాడితే అదే పైపొరను రేపి, దేని కోసం వేసుకుంటున్నామో ఆ బాధనే పెంచుతుంది. తరచుగా వేసుకోవలసినవారు నిల్వపదార్థం లేని రకాన్ని అడిగి తీసుకోవాలి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు ఆ పదార్థాన్ని పీల్చుకుంటాయి కాబట్టి లెన్సులు పెట్టుకునేవారు, లెన్సుల మీద వాడవచ్చని రాసి ఉన్నవే వాడాలి. ఎరుపును నిమిషాల్లో పోగొడతామనే చుక్కలు వేరే జాతివి. నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ వంటి మందులు రక్తనాళాలను కుదించి కన్నును తెల్లగా చూపిస్తాయి, పొడిదనాన్ని తగ్గించవు, మానగానే ఎరుపు మునుపటి కంటే ఎక్కువగా తిరిగొస్తుంది. స్టెరాయిడ్ చుక్కలను వైద్యుడు చెప్పకుండా ఎప్పుడూ వాడకూడదు, వాటి వల్ల కంటిలో పీడనం పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలు ఏర్పడవచ్చు.

వేసుకునే ముందు చేతులు కడుక్కోండి. తల వెనక్కి వంచి, కింది రెప్పను వేలితో లాగి ఏర్పడిన సంచిలో ఒకే ఒక్క చుక్క వేయండి. ఆ సంచిలో పట్టేది ఒక చుక్క కంటే తక్కువే, రెండోది చెంప మీదికే పోతుంది. సీసా మూతి రెప్పకూ వెంట్రుకలకూ తగలకూడదు. తరువాత నిమిషం పాటు కళ్ళు మూసుకుని ఉండండి. వేరే మందు కూడా ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగి వేయాలి. తెరిచిన మామూలు సీసాను, వేరే గడువు రాసి లేకపోతే, నెల రోజుల్లో పారేయాలి. తెరిచిన తేదీని సీసా మీదే రాసి ఉంచండి. చుక్కలు బాధ ముదిరిన తరువాత వేసుకోవడం కంటే, మూడో గంటకు మంట మొదలవుతుందని తెలిస్తే రెండో గంటకే వేసుకోవడం బాగా పనిచేస్తుంది.

ఉదయం పూట గరగర ఎక్కువగా ఉండి, రెప్పల అంచులు దళసరిగా ఉన్నవారికి చుక్కల కంటే కాపడం ముఖ్యం. శుభ్రమైన గుడ్డను చేతికి ఓర్చుకోదగిన వేడినీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ నిమిషం రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ ముంచాలి, చల్లారిన గుడ్డతో గట్టిపడిన నూనె కరగదు. ఆ వెంటనే పైరెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా నిమరాలి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఒక ఉదాహరణ

52 ఏళ్ళ ప్రూఫ్ రీడర్‌ను ఊహించుకుందాం. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవరు ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు వాడుతుంది, ల్యాప్‌టాప్ స్టాండు మీద ఎత్తుగా ఉంది, ఏసీ గాలి ఎదురుగా వస్తోంది. మధ్యాహ్నానికి మంట, మసక, సాయంత్రానికి మెడ నుంచి తల వెనక్కి పాకే నొప్పి. ఎరుపు పోగొట్టే చుక్కలు రోజుకు నాలుగు సార్లు వేసుకుంటోంది.

మసక రెప్పవేస్తే తేటపడుతోంది, కాబట్టి పైపొర సమస్య ఉంది. తలనొప్పి మెడ నుంచి మొదలవుతోంది. ఎందుకో తెలియాలంటే అద్దాలను చూడాలి. ప్రోగ్రెసివ్ అద్దంలో చదివే పవరు అడుగున ఉంటుంది, అది సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి ఇచ్చినది. ఆమె తెర 65 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఆ దూరానికి పనికొచ్చే భాగం అద్దం నడుమ ఒక సన్నని పట్టీ మాత్రమే. ఆ పట్టీలోంచి, అందులోనూ ఎత్తుగా ఉన్న తెరను చూడడానికి ఆమె రోజంతా గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి వంచుతోంది. కళ్ళు కూడా పూర్తిగా తెరిచి ఉంటున్నాయి.

ఆమె ఒకేసారి అన్నీ మార్చకూడదు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. మొదటి వారం స్టాండు దించి, ఏసీ రెక్కలు పక్కకు తిప్పి, ఎరుపు చుక్కలు మానాలి. మొదటి కొన్ని రోజులు ఎరుపు పెరుగుతుంది, దానికి భయపడి మళ్ళీ మొదలుపెట్టకూడదు. రెండో వారం రెప్పపాటు అభ్యాసం, నిల్వపదార్థం లేని చుక్కలు పనిదినాల్లో మూడు సార్లు చేర్చాలి. మంట చాలా తగ్గి మెడనొప్పి మాత్రం మిగిలితే అప్పుడు అద్దాల వంతు. కన్ను నుంచి తెరకు ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి, ఆ అంకెను పరీక్ష చేసేవారికి చెప్పి, ఆ దూరానికే విడిగా కంప్యూటర్ అద్దాలు రాయించుకోవాలి. చదవడానికి అదనంగా ఇచ్చిన పవరు 2 ఉంటే తెరకు అందులో సగానికి కాస్త ఎక్కువే చాలు. చత్వారం మొదలైన 40 ఏళ్ళ తరువాత ఈ కొలతే చాలామంది తలనొప్పిని తేల్చేస్తుంది. ఆ అద్దాలతో బండి మాత్రం నడపకూడదు, దూరం మసకగా ఉంటుంది.

ఇంట్లో ప్రయత్నాలు ఆపవలసిన చోటు

నాలుగు నుంచి ఆరు వారాలు పై మార్పులు పాటించినా బాధ తగ్గకపోతే కంటి వైద్యుణ్ణి కలవాలి. నోరు కూడా ఎండిపోతుంటే, కీళ్ళు నొస్తుంటే అది తప్పక చెప్పాలి. అలర్జీ మాత్రలు, కొన్ని మానసిక ఒత్తిడి మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కంటిని ఎండబెడతాయి కాబట్టి వాడుతున్న మందుల జాబితా, చుక్కల సీసా, టేపుతో కొలిచిన దూరం వెంట తీసుకువెళ్ళండి. తలనొప్పికి నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు, లేదా అంతకంటే ఎక్కువగా, నెలల తరబడి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడుతూ ఉండవచ్చు.

కొన్ని లక్షణాలకు వారాలు కాదు, గంటలు కూడా ఆగకూడదు: చూపు హఠాత్తుగా తగ్గడం, కంటిలో తీవ్రమైన నొప్పితో పాటు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి వాంతులు కావడం, కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి కన్ను ఎర్రబడి నొప్పితో వెలుతురు భరించలేకపోవడం, మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా రావడం, 50 ఏళ్ళు దాటినవారిలో కొత్తగా తలనొప్పి మొదలై నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టడం. వీటికి తెరతో సంబంధం లేదు. పని ముందు కూర్చుని ఉండగా మొదలైనా సరే, ఆ రోజే అత్యవసర వైద్యానికి వెళ్ళాలి.